పదకొండు పేర్లు, ఒక్క సోమవారం

ప్రశ్న: వచ్చే సోమవారం కొత్త ఉద్యోగంలో చేరుతున్నాను. టీమ్‌లో పదకొండు మంది, నాతో పన్నెండు. పాత ఉద్యోగంలో మొదటి రోజు తెగ ఉత్సాహపడిపోయి అందరితో గలగలా మాట్లాడాను, అడిగిన పనికల్లా సరేనన్నాను. మూడు వారాలు తిరిగేసరికి అంత ఊపు నా వల్ల కాలేదు. "ఏంటి, ఈమధ్య డల్‌గా ఉంటున్నావు, ఏమైనా జరిగిందా?" అని అడగడం మొదలుపెట్టారు. ఏమీ జరగలేదు, నేను ఉండేదే అంత. ఈసారి మొదటి రోజు అందరినీ ఎలా పలకరించాలి, ఎంత మాట్లాడాలి? పైగా నాకు పేర్లు అస్సలు గుర్తుండవు. ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

జవాబు: మొదటి రోజు మీరు ఎలా కనిపిస్తే, మిమ్మల్ని చూసినవాళ్ళు అదే మీ మామూలు తీరు అనుకుంటారు. తర్వాత ప్రతి రోజునీ దానితోనే పోల్చి చూస్తారు. అందుకే సోమవారం ఎంత మాట్లాడాలో తేల్చుకోవడానికి సోమవారం గురించి ఆలోచించకండి. నలభయ్యో రోజు గురించి ఆలోచించండి. సాయంత్రం నాలుగైంది, రాత్రి నిద్ర చాల్లేదు, చేతిలో తెగని పని ఉంది. అలాంటప్పుడు కూడా మీరు పక్క సీటు మనిషితో ఎంత మాట్లాడగలరు? పొద్దున వచ్చినప్పుడు ఒక పలకరింపు, మధ్యలో పని గురించి రెండు ముక్కలు, వెళ్ళేటప్పుడు "వస్తానండి" అని ఒక మాట. మీకు అంతే చేతనైతే సోమవారం కూడా అంతే చాలు. కొత్తలో కాస్త తక్కువ మాట్లాడి తర్వాత కలుపుగోలుగా మారిన మనిషిని ఎవరూ "ఏమైంది?" అని అడగరు. అడిగేది ఎక్కువ నుంచి తక్కువకి దిగినప్పుడే.

ఇక అసలు పలకరింపు. పది గంటలకో పదకొండింటికో మేనేజర్ అందరినీ పిలిచి "ఈవిడ ఇవాళే చేరారు, మీ గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అంటారు. చాలామంది తడబడేది ఇక్కడే. చదువుతో మొదలుపెట్టి, చేసిన ఉద్యోగాలన్నీ వరసగా చెప్పి, హాబీల దగ్గరికొచ్చేసరికి ఎక్కడ ఆపాలో తెలియక "అంతేనండి, ఇంకేం చెప్పను" అని నవ్వేసి ముగిస్తారు. వినేవాళ్ళకి అందులో సగం అక్కర్లేదు. మీ చదువు మేనేజర్ ఎప్పుడో చూసేశారు, మిగతావాళ్ళకి దానితో పని లేదు. వాళ్ళ మనసులో ఉండే ప్రశ్నలు మూడే: మిమ్మల్ని ఏమని పిలవాలి, ఏ పని ఉంటే మీ దగ్గరికి రావాలి, మీకు ఏమైనా చెప్పాలంటే ఎలా చెప్పాలి.

ఆ మూడింటికీ జవాబు ఇస్తే పరిచయం ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. నా పేరు ఫలానా, ముందు సగంతో పిలిచినా పలుకుతాను. ఇవాళ్టి నుంచి బిల్లుల చెకింగ్ పని చూస్తాను. ఇంతకుముందు మూడేళ్ళు ఇలాంటి పనే చేశాను కానీ, మీ సాఫ్ట్‌వేర్ నాకు కొత్త. మొదటి రెండు వారాలు మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతుంటాను, పనిలో ఉంటే తర్వాత రమ్మని చెప్పేయండి, నేనేమీ అనుకోను."

గట్టిగా చదివి చూసుకోండి, అర నిమిషం కూడా పట్టదు. బిల్లుల చెకింగ్ అన్నది నేను ఊహించి రాసింది, అక్కడ మీ పని పెట్టుకోండి. "మీ సాఫ్ట్‌వేర్ నాకు కొత్త" అన్న ముక్కని మాత్రం వదలకండి. మీకు ఏం వచ్చో, ఏం రాదో ముందే చెప్పేశారు కాబట్టి తర్వాత అడిగే ప్రశ్నలు ఎవరికీ వింతగా అనిపించవు. మూడేళ్ళ అనుభవం సంగతి మాత్రమే చెప్పి ఊరుకుంటే, బుధవారం మీరు చిన్న సందేహం అడిగినప్పుడు అవతలి మనిషి మొహంలో "ఇది కూడా తెలీదా" అన్న భావం కనిపిస్తుంది. చివరి వాక్యం కూడా మర్యాద కోసం పెట్టింది కాదు. మిమ్మల్ని ఆపడానికి వాళ్ళకి మీరే అనుమతి ఇస్తున్నారు. అది లేకపోతే కొందరు పని మధ్యలో ఆపి మీకు చెబుతారు, లోపల విసుక్కుంటారు, ఆ విసుగు మీకు నెల తర్వాత ఇంకో రూపంలో తెలుస్తుంది.

"మీ అందరితో పనిచేయడం నా అదృష్టం", "నేను చాలా హార్డ్‌వర్కర్‌ని" లాంటివి వద్దు. అదృష్టమో కాదో మీకు ఇంకా తెలీదు, హార్డ్‌వర్కో కాదో వాళ్ళకి తెలీదు.

పిలుపుల సంగతి. మన భాషలో ఇది చిన్న విషయం కాదు. మొదటి రోజు అందరికీ "మీరు", పేరు చివర "గారు". మీకంటే చిన్నవాళ్ళకి కూడా. వాళ్ళలో వాళ్ళు నువ్వు, ఏరా, ఏమే అనుకుంటున్నా సరే, అది ఏళ్ళ తరబడి కలిసి పనిచేసి సంపాదించుకున్న చనువు, మీకు ఇంకా రాలేదు. మీరు నుంచి నువ్వులోకి దిగడం ఎప్పుడైనా జరుగుతుంది, ఎవరో ఒకరు "ఈ గారూ గీరూ ఎందుకు, పేరు పెట్టి పిలువు" అంటారు. నువ్వు అనేశాక మళ్ళీ మీరు దగ్గరికి ఎక్కడం మాత్రం ఇద్దరికీ ఇబ్బందే. సర్, మేడమ్ అన్న మాటల విషయంలో ఆఫీసుకో పద్ధతి ఉంటుంది. మిగతావాళ్ళు మేనేజర్‌ని ఏమంటున్నారో ఒక గంట వింటే తెలిసిపోతుంది. ఆ గంటలో పిలవాల్సి వస్తే పేరు, గారు చాలు. అక్క, అన్న లాంటి వరసలు మాత్రం మీరుగా మొదలుపెట్టకండి. వరస కలిపితే చాలామందికి సంతోషమే, కానీ ముప్పై ఆరేళ్ళావిడని మొదటి రోజే ఆంటీ అన్న కుర్రాడిని నేను చూశాను. ఆ అబ్బాయి ఏడాది తర్వాత ఉద్యోగం మారేదాకా ఆ మాట అతన్ని వదల్లేదు.

ఇప్పుడు పేర్లు. గుర్తుండకపోవడం మీ ఒక్కరి లోపం కాదు. ఆ వరస పరిచయాల పద్ధతే జ్ఞాపకానికి పడని పద్ధతి. 1973లో మాల్కమ్ బ్రెనర్ అనే పరిశోధకుడు కొంతమందిని ఒకచోట కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకరు మాటలు పైకి చదివేలా చేశాడు. తర్వాత ఏ మాటలు గుర్తున్నాయని అడిగితే, ఎవరికైనా సరే తన వంతుకి సరిగ్గా ముందు చదివినవే బాగా జారిపోయాయి. మన వంతు దగ్గరపడుతుంటే చెవులు ఇక్కడే ఉన్నా మనసు మనం చెప్పబోయే ముక్క మీదకి పోతుంది. దీన్నిబట్టి మీరు చేయాల్సింది ఒకటే: మేనేజర్ "ఎవరు మొదలుపెడతారు?" అంటే మీరే ముందు చెప్పేయండి. మీ ముక్క అయిపోతే తర్వాత పదకొండు మందినీ ప్రశాంతంగా వినవచ్చు.

పేరు మిగతా వివరాలకంటే ఎందుకు త్వరగా జారిపోతుందో చెప్పే ఇంకో ప్రయోగం ఉంది, 1987 నాటిది. ఇంగ్లిష్‌లో బేకర్ అన్నది ఇంటిపేరూ అవుతుంది, రొట్టెలు కాల్చే వృత్తీ అవుతుంది. ఒక ఫొటో చూపించి ఇతని పేరు బేకర్ అని చెబితే మర్చిపోయినంతగా, ఇతను రొట్టెలు కాలుస్తాడు అని చెబితే జనం మర్చిపోలేదు. పలికే మాట ఒకటే. కానీ వృత్తి అనగానే పొయ్యి, పిండి, వాసన అన్నీ కళ్ళముందుకొస్తాయి, పేరుకి అలాంటి కొక్కెం ఏదీ ఉండదు. అందుకని పేరుని ఒంటరిగా వదలకుండా ఆ మనిషి చేసే పనికి తగిలించండి. "నెలాఖరు రిపోర్టులు చూసేది ఈవిడ", "లాగిన్‌లు ఇచ్చేది ఆ కిటికీ పక్కన కూర్చునే ఆయన". పని గుర్తొస్తే పేరు దాని వెనకే వస్తుంది. రాకపోయినా, ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలుస్తుంది కదా.

నేను చేసే పద్ధతి చెబుతాను. పరిచయాలు అయ్యి సీట్లో కూర్చోగానే ఒక కాగితం తీసుకుని గదిని గీస్తాను. తలుపు, కిటికీ, బల్లలు, అంతే, ముక్కుసూటి గీతలు. ఒక్కో బల్ల మీద పేరు, కింద పని. తెలియని చోట ఖాళీ. పదకొండులో మొదటి సారికి నాకు మహా అయితే ఐదు పేర్లు వస్తాయి, మిగతా ఆరు బల్లలూ ఖాళీగా ఉంటాయి. ఖాళీలు చూసి కంగారుపడను. మొదటి రోజు నాలుగే నా లక్ష్యం: కుడిపక్క సీటు, ఎడంపక్క సీటు, పని నేర్పబోయే మనిషి, లాగిన్‌లూ తాళాలూ ఇచ్చే మనిషి. మంగళవారం ఇంకో నాలుగు, బుధవారం మిగతా మూడు.

కాగితం మీద రాసుకున్నంత మాత్రాన పేరు బుర్రలోకి ఎక్కదు. దాన్ని బోర్లా పెట్టి, చూడకుండా గుర్తు తెచ్చుకోవాలి. ఎప్పుడెప్పుడు అన్నది కూడా ముఖ్యమే. లాండవర్, బ్యోర్క్ అనే ఇద్దరు 1978లో సరిగ్గా పేర్ల మీదే పరీక్ష చేసి చూశారు. గుర్తు తెచ్చుకునే సార్ల మధ్య ఎడం మొదట తక్కువగా ఉండి, క్రమంగా పెరుగుతూ పోతే పేర్లు బాగా నిలిచాయి. మన లెక్కలో అయితే, పేరు విన్న ఒకటి రెండు నిమిషాలకి ఒకసారి, పది నిమిషాలకి ఒకసారి, గంటకి ఒకసారి, సాయంత్రం లేచి వెళ్ళబోయే ముందు ఒకసారి. మర్నాడు పొద్దున లోపలికి అడుగుపెట్టే ముందు తలుపు దగ్గర ఇంకోసారి. ఈ చివరిది మర్చిపోకండి, ఎందుకంటే తలుపు తీసిన మరుక్షణమే ఆ పేర్లతో అవసరం పడుతుంది.

ఇంత చేసినా మరిచిపోతారు. మళ్ళీ అడగండి, కానీ వారంలోపు అడగండి. "నిన్న ఒకేసారి పదకొండు పేర్లు విన్నానండి, మీది జారిపోయింది, ఇంకోసారి చెప్పరూ" అంటే నవ్వుతూ చెబుతారు. ఐదో వారంలో అడిగితే అదే మాట వేరేగా వినిపిస్తుంది. వారం దాటిపోతే ఇక నేరుగా అడగకుండా పక్క సీటు మనిషిని అడగడమే మేలు. పేరు తప్పుగా పిలిచారనుకోండి, "సారీ అండీ, ఫలానా గారూ" అని ఒక్కసారి సరిదిద్దుకుని అసలు విషయంలోకి వెళ్ళిపోండి. ఐదుసార్లు సారీ చెబితే, అవతలి మనిషే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఎవరి పేరైనా పలకడం కష్టంగా ఉంటే మాత్రం ముందే అడిగి, రెండుసార్లు పలికి చూపించండి. తప్పు పలుకుతుంటే జీవితమంతా ఓర్చుకుంటూ వచ్చినవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఇది గుర్తుండిపోతుంది.

ఒక జాగ్రత్త. పలకరింపులు మేనేజర్ గదితో, ఆ స్థాయి మనుషులతో ఆగిపోకూడదు. ఇది నీతి కోసం చెప్పడం లేదు. మొదటి వారంలో మీ పని ముందుకు సాగాలంటే కావాల్సినవన్నీ పాస్‌వర్డ్, బల్ల తాళంచెవి, ప్రింటర్, ఫైళ్ళు ఉండే ఫోల్డర్ లాంటివి. ఇవేవీ మేనేజర్ చేతిలో ఉండవు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. రెండో ఉద్యోగంలో చేరినప్పుడు నాకు ముందు ఆఫీసులో నేర్చుకున్న పద్ధతుల మీద గట్టి నమ్మకం. ఏ విషయం వచ్చినా "మా పాత ఆఫీసులో అయితే ఇలా చేసేవాళ్ళం" అనేవాడిని. సలహా ఇస్తున్నాననే అనుకున్నాను. నాలుగో రోజు మీటింగ్‌లో, ఎదురుగా కూర్చున్న ఆవిడ నోట్‌బుక్ అంచున పెన్నుతో నిలువు గీతలు గీస్తోంది. నాలుగు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి, పక్కన ఇంకో రెండు. మీటింగ్ అయ్యాక ఏమిటవి అని అడిగాను. "నువ్వు ఇవాళ 'మా పాత ఆఫీసు' అన్న సార్లు" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే. ఏడు. నేను ఒకటో రెండో అనుకున్నాను.

అప్పటి నుంచి పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, మొదటి నెల ఆ మాట నోటితో అనను, నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుంటాను. ఏం వింతగా కనిపించిందో, ఎలా మార్చొచ్చో, తేదీతో సహా. నెల తర్వాత తీసి చూస్తే సగానికి పైగా కొట్టేయాల్సినవే ఉంటాయి, అలా చేయడానికి వాళ్ళకి ఒక కారణం ఉందని ఈలోపు తెలుస్తుంది. మిగిలిన వాటిలో ఒకటి తీసుకుని, అది నిజంగా పనికొచ్చేదైతే, "ఇది ఇలా చేస్తే ఎలా ఉంటుందంటారు?" అని అడుగుతాను. పాత ఆఫీసు పేరెత్తను.

దీనికి దగ్గరి సంగతే ఇంకొకటి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మీరు కూర్చోబోయే కుర్చీలో అంతకుముందు ఇంకెవరో కూర్చుని ఉంటారు. ఆ మనిషి మంచిగా వెళ్ళిపోయారో, గొడవపడి వెళ్ళారో, పక్క సీటు మనిషికి ప్రాణస్నేహితులో మీకు తెలీదు. లేదా ఆ కుర్చీ కోసం టీమ్‌లోనే ఒకరు ఆశపడి ఉండొచ్చు. అందుకని "నా ముందు ఉన్నావిడ ఎందుకు మానేశారు?" అని మొదటి వారం అడగకండి. ఆవిడ ఫైళ్ళు చూసి "అబ్బ, ఇంత గజిబిజిగా పెట్టారేంటి" అని అస్సలు అనకండి. ఫైలు అర్థం కాకపోతే "ఈ మూడో కాలమ్‌లో ఏముంటుందండి?" అని ఆ కాలమ్ గురించే అడగండి. టీమ్‌లో ఒకరు మీతో కారణం లేకుండా ముభావంగా ఉంటే, మీ పలకరింపు బాగాలేదేమో అని రాత్రంతా ఆలోచించుకోకండి. ఆ ముభావం చాలాసార్లు కుర్చీ మీదే, మీ మీద కాదు. రోజూ ఒకేలా పలకరిస్తూ ఉండండి. బదులు రాకపోయినా గొంతు పెంచొద్దు, మానేయొద్దు.

అడిగిన పనులు ఒప్పుకోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, పాత ఆఫీసులో మీరు అలసిపోయింది మాటల వల్ల అనుకుంటున్నారు గానీ నాకు అలా అనిపించడం లేదు. "అడిగిన పనికల్లా సరే" అన్నారు చూడండి, అదీ అసలు బరువు. కొత్త మనిషి కనిపించగానే అందరికీ తమ దగ్గర మిగిలిపోయిన పనులు గుర్తొస్తాయి. ఎవరో వచ్చి "మీరు ఖాళీగానే ఉన్నారు కదా, ఈ లిస్టు ఒకసారి చెక్ చేసి పెడతారా?" అంటారు. లిస్టులో రెండు వందల వరసలు. మీకు లాగిన్ కూడా రాలేదు. అప్పుడు నోటికి వచ్చేది "తప్పకుండా, సాయంత్రానికల్లా ఇచ్చేస్తాను". సాయంత్రానికి అవ్వదు. మొదటి రోజే మీ మాట ఒకటి తప్పింది. ఆ మనిషి ఏమీ అనరు, "కొత్త కదా" అనుకుంటారు, కానీ తర్వాత మీరు సాయంత్రానికి అంటే రేపటికి అని అర్థం చేసుకోవడం మొదలుపెడతారు.

దాని బదులు ఇలా అనండి: "చూస్తానండి. నాకు లాగిన్ ఇంకా రాలేదు. ఈ పని ముందు చేయొచ్చా అని మేనేజర్‌ని అడిగి, లాగిన్ రాగానే మొదటి ఇరవై వరసలు చేసి, మొత్తానికి ఎంత టైమ్ పడుతుందో రేపు పన్నెండులోపు చెబుతాను." ఇందులో మీరు ఇచ్చిన మాట లిస్టు పూర్తి చేస్తానని కాదు. రేపు పన్నెండులోపు ఒక కబురు చెబుతానని. అది మీ చేతిలో ఉన్న పని. లాగిన్ రాకపోయినా పన్నెండుకి పది నిమిషాల ముందు వెళ్ళి "లాగిన్ ఇంకా రాలేదండి, అడిగాను, సాయంత్రానికి వస్తుందన్నారు, రేపు పొద్దున మళ్ళీ చెబుతాను" అనొచ్చు. ఇరవై వరసలకి నలభై నిమిషాలు పట్టిందనుకోండి, రెండు వందలకి దాదాపు ఏడు గంటలు, అంటే ఒక రోజు పని. అది వింటే చాలాసార్లు అడిగినవాళ్ళే "అంతొద్దులే, ఈ యాభై చూస్తే చాలు" అంటారు. మొదటి వారంలో ఇలాంటి చిన్న మాటలు రెండు మూడు ఇచ్చి, చెప్పిన టైముకి ముందే నిలబెట్టుకుంటే చాలు. వాటిని లెక్కపెట్టేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, నా విషయంలో గీతలు పెట్టినట్టే.

మేనేజర్‌ని అడగాలన్న ముక్క మీద కొందరు అభ్యంతరం చెబుతారు, మొదటి రోజే పై మాట ఎత్తితే చిన్నబుచ్చినట్టు కాదా అని. చెప్పే తీరులో ఉంటుంది. "మేనేజర్ ఒప్పుకుంటే చేస్తా" అంటే తలుపు వేసినట్టు. "నాకు ఇంకా ఏది ముందో తెలీదు, ఒకసారి అడిగి వస్తా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

రెండో రోజు పొద్దున్న సంగతి. మొదటి రోజు పలకరింపు అందరూ చేస్తారు, ఎవరో పక్కనుండి చేయిస్తారు కూడా. రెండో రోజు మిమ్మల్ని ఎవరూ పరిచయం చేయరు. నేరుగా సీట్లోకి వెళ్ళి కంప్యూటర్ ఆన్ చేసుకుని కూర్చుంటే, నిన్నటి "నమస్తే" ఒక తంతులా మిగిలిపోతుంది. దారిలో ఉన్న నలుగురినీ పేరుతో పలకరించి వెళ్ళండి, ఆగనక్కర్లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళకి తల ఊపితే చాలు. మూడో రోజూ అంతే, పదో రోజూ అంతే. మరీ ఎక్కువవుతోందా అన్న అనుమానం వస్తే ఒక గుర్తు ఉంది. మీరు దగ్గరికి రాగానే అవతలి మనిషి చేతిలో పని వదిలి కుర్చీ మీ వైపు తిప్పుతున్నారంటే, మీ పలకరింపు కబుర్లుగా మారుతోందని వాళ్ళు అనుకుంటున్నారు. పని చేస్తూనే తల ఎత్తి నవ్వి మళ్ళీ తల దించుకుంటున్నారంటే మోతాదు సరిపోయింది.

టీమ్‌లో కొందరు ఇళ్ళ నుంచి పనిచేస్తుంటే గ్రూప్‌లో పైన చెప్పిన పరిచయాన్నే నాలుగు లైన్లుగా రాసేయండి. వచ్చే వెల్‌కమ్‌లకి ఒక్కొక్కరికీ విడివిడిగా థాంక్స్ పెడితే అందరి ఫోన్లూ మోగుతూనే ఉంటాయి, అందరికీ కలిపి ఒక్కసారి చెప్పండి. వారంలోపు ఒక్కొక్కరితో విడిగా పది నిమిషాల కాల్ మాట్లాడగలిగితే మంచిది. తెర మీద చూసిన మొహాలు గదిలో చూసినంత గుర్తుండవని నా అనుభవం.

టెన్షన్ గురించి అడిగారు. 2000లో కార్నెల్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ గిలోవిచ్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. విద్యార్థులకి వాళ్ళు సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్ట్ వేసి, మిగతా విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. నీ టీషర్ట్ మీది బొమ్మ ఎవరిదో ఎంతమంది గమనించి ఉంటారు అని అడిగితే దాదాపు సగం మంది అన్నారు. లెక్క చూస్తే నాలుగో వంతు కూడా లేరు. సోమవారం మీ గొంతు వణికిందనో, చేతిలో నోట్‌బుక్ కింద పడిందనో మీరు రాత్రంతా తల్చుకుంటారు. వాళ్ళలో చాలామంది అప్పుడు తమ స్క్రీన్ చూసుకుంటూ ఉంటారు. ఇంతకీ ఈ లెక్క ఒక్కసారి జరిగే తప్పులకే వర్తిస్తుంది. "మా పాత ఆఫీసు" లాంటివి ఏడుసార్లు వినిపిస్తే గమనిస్తారు, దానికి నేనే సాక్షి.

చివరగా ఆ కాగితం. పేర్లు గుర్తుండాలని బల్లల పక్కన "బట్టతల", "గట్టిగా మాట్లాడే ఆవిడ" అని గుర్తులు రాయాలనిపిస్తుంది. రాయకండి. పేరు, పని, అంతే. నేను ఒకసారి రాశాను, ఆ కాగితం ప్రింటర్ పక్కన మర్చిపోయాను, దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టింది ఆ బట్టతలాయనే. ఏమీ అనలేదు, మడతపెట్టి ఇచ్చాడు. బుధవారం సాయంత్రానికి పదకొండు బల్లలూ నిండుతాయి. శుక్రవారం వెళ్ళేముందు ఇంకోసారి చూడకుండా చెప్పుకుని, చించి చెత్తబుట్టలో వేసేయండి.